ప్రొబేషన్ నాలుగో నెలలో సెలవు అడిగిన తీరు: నా అనుభవం

రేణిగుంట వైపు ఉన్న ఒక ఎలక్ట్రానిక్ విడిభాగాల ఫ్యాక్టరీలో, అకౌంట్స్ విభాగంలో, గత ఆగస్టు మొదటి వారంలో చేరాను. ప్రొబేషన్ ఆరు నెలలు. నాలుగో నెల నడుస్తుండగా మా అమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించవలసి వచ్చింది. అమ్మ పూతలపట్టు దగ్గర మా పల్లెలో ఉంటుంది, అన్న బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, తిరుపతిలో ఉన్నది నేను ఒక్కదాన్నే. ఆసుపత్రి కూడా తిరుపతిలోనే కాబట్టి ఆపరేషన్ రోజుల్లో అమ్మ పక్కన ఉండవలసింది నేనే అని ఇంట్లో ఎవరూ అనకుండానే తేలిపోయింది. ఉద్యోగంలో ఇంకా పక్కా కాని మనిషి వరుసగా ఐదు రోజులు సెలవు అడిగితే పైవాళ్ళు ఏమనుకుంటారో అన్న బెంగ నాకూ ఉండింది. ఆ బెంగను పక్కన పెట్టి ఏ క్రమంలో అడిగాను, మధ్యలో ఆపరేషన్ తేదీ మారినప్పుడు ఏం చేశాను అన్నది, ఇదే స్థితిలో ఉన్నవారికి పనికి వస్తుందని వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు చేసిన పని అపాయింట్‌మెంట్ లెటర్‌ను మళ్ళీ తీసి చదవడం. చేరిన రోజు సంతకం పెట్టే తొందరలో జీతం, పనివేళలు తప్ప మిగతా అంశాల మీద ఎవరి కన్నూ నిలవదు. సెలవుల గురించి అందులో ఉన్నది ఒకే పేరా. ప్రొబేషన్‌లో ఉన్నవారికి పూర్తయిన ప్రతి నెలకు ఒక క్యాజువల్ లీవ్ జమ అవుతుంది. ఎర్న్‌డ్ లీవ్ లెక్కలో చేరుతూ ఉంటుంది గానీ పర్మనెంట్ అయ్యాకే వాడుకోవాలి. అంతకు మించి తీసుకున్న రోజులకు జీతం కోత పడుతుంది. కోత పడిన రోజులంత మేర ప్రొబేషన్ పొడిగిస్తారు. ఈ చివరి వాక్యం చాలా కంపెనీల లెటర్లలో ఉంటుంది, చాలామంది దాన్ని చూడరు. అలా చూడనివారు ఆరో నెల చివర తమ తేదీ జరిగిందని తెలిసినప్పుడు అది తమ పనితీరు మీద వచ్చిన మాట అనుకుని కుంగిపోతారు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకున్నాను, ఎందుకంటే హక్కుగా అడగవలసినది ఏది, మన్నింపుగా అడగవలసినది ఏది అన్న తేడా తెలియకపోతే మాట తీరే తప్పుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఒక సంవత్సరంలో 240 రోజులు పని చేసినవారికి ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు వచ్చేది. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ 240 రోజులను 180కి తగ్గించారు. ఏ లెక్కన చూసినా నాలుగో నెలలో ఉన్న నాకు ఆ సెలవు చేతికి రాదు. దుకాణాలు, షోరూములు, ఆఫీసుల్లో పని చేసేవారి సంగతి వేరు. వారికి వర్తించే 1988 నాటి ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టంలో మొదటి పన్నెండు నెలల్లోనే అనారోగ్యానికో మరే సరైన కారణానికో పన్నెండు రోజుల వరకు జీతంతో సెలవు ఉంది. నాది ఫ్యాక్టరీ కావడంతో నా చేతిలో ఉన్నవి ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలలకు జమ అయిన మూడు క్యాజువల్ లీవులు మాత్రమే. అయితే ఫ్యాక్టరీల చట్టంలోని ఒక మాట నాకు ఉపయోగపడింది. జీతంతో సెలవు కావాలనుకున్నవారు కనీసం పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలని అందులో ఉండింది. నా సెలవు ఆ కోవలోకి రాకపోయినా ఆ గడువునే నేనూ పెట్టుకున్నాను.

అడగడానికి ముందే తేదీని నా పనికి సరిపడేలా ఎంచుకోవడం రెండో పని. అన్నిటిలోకీ ఎక్కువ ఫలితమిచ్చింది ఇదేనని నా నమ్మకం. పెళ్ళికి ముహూర్తం మన చేతిలో ఉండదు గానీ, ముందుగా నిర్ణయించుకునే ఆపరేషన్‌కు డాక్టరు ఒకటి రెండు తేదీలు ఇస్తారు. మా డాక్టరు మంగళ, శుక్రవారాల్లో ఈ ఆపరేషన్లు చేస్తారు. ఆయన చెప్పిన ఖాళీలు రెండు: నవంబరు 14, శుక్రవారం, నవంబరు 25, మంగళవారం. అమ్మకు మొదటిదే నచ్చింది, నొప్పి తొందరగా తీరుతుందని. నేను నా పని క్యాలెండరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అకౌంట్స్‌లో నెలంతా ఒకే బరువు ఉండదు. ఒకటి నుంచి ఐదో తేదీ దాకా గడిచిన నెల లెక్కల ముగింపు, ఏడో తేదీకి టీడీఎస్ చెల్లింపు, పదకొండుకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1, పదిహేనుకి పీఎఫ్, ఈఎస్ఐ, ఇరవైకి జీఎస్‌టీ కట్టే రిటర్ను జీఎస్‌టీఆర్-3బి. ఇందులో నాకు అప్పగించినది కొనుగోలు బిల్లుల నమోదు, బ్యాంకు ఖాతా సరిపోల్చడం, సరఫరాదారులు మా పేరున చూపిన బిల్లుల పట్టిక, అంటే జీఎస్‌టీఆర్-2బి, పద్నాలుగో తేదీన రాగానే మా బిల్లులతో దాన్ని సరిచూడడం. అంటే పద్నాలుగు నుంచి ఇరవై దాకా ఆ విభాగంలో నా కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ఇరవై దాటాక మళ్ళీ నెలాఖరు దాకా కాస్త ఊపిరి ఆడుతుంది. 25వ తేదీ ఆ సందులో పడుతుంది.

వారాన్ని చూసుకున్నా మంగళవారమే మేలు. మా కంపెనీలో ఆదివారం ఒక్కటే సెలవు. సెలవు మధ్యలో ఆదివారం వస్తే దాన్ని కూడా సెలవు కిందే లెక్కిస్తారు. దీన్ని మా ఆఫీసులో శాండ్‌విచ్ రూల్ అంటారు. శుక్రవారం ఆపరేషన్ అయితే గురువారం చేర్పించి మంగళవారం దాకా నేను ఉండాలి. పనికి రాని రోజులు ఐదే అయినా మధ్యలోని ఆదివారంతో కలిపి ఆరు రోజుల సెలవు ఖర్చవుతుంది. మంగళవారం ఆపరేషన్ అయితే సోమవారం చేర్పించి శుక్రవారం దాకా ఉంటే చాలు, ఆదివారాలు రెండూ బయటే ఉండిపోతాయి, ఐదు రోజులకు ఐదే లెక్క. శనివారం డిశ్చార్జి నాటికి అన్న వస్తాడు. ఈ లెక్క వివరించాక అమ్మ, "పదకొండు దినాలు ఆలస్యమైతే నా మోకాలేం పారిపోదులే, నీ పని చెడగొట్టుకోవద్దు" అంది.

ఇక ఎవరిని ముందు అడగాలి అన్న ప్రశ్న. కొందరు నేరుగా హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్ళి సెలవు ఉందో లేదో కనుక్కుంటారు, ఆ మాట తిరిగి తిరిగి మేనేజరు చెవిన పడుతుంది. తన విభాగంలోని మనిషి సెలవు సంగతి బయటి నుంచి వినడం ఏ మేనేజరుకూ రుచించదు. మరికొందరు పోర్టల్‌లో దరఖాస్తు పెట్టేసి ఊరుకుంటారు, అప్పుడు ఆ మేనేజరు కారణం తెలియకుండా ఫోన్‌లో ఒక నోటిఫికేషన్ మాత్రం చూస్తారు. నేను పెట్టుకున్న వరుస ఇది: ముందు నా పని చూడవలసిన సహోద్యోగిని, తరువాత మేనేజరును ముఖాముఖి, ఆ రోజే మెయిల్, హెచ్‌ఆర్‌తో లెక్కలు, చివరగా పోర్టల్.

సహోద్యోగిని ముందు అడగడం కొంతమందికి వింతగా తోచవచ్చు. మేనేజరు దగ్గరికి వెళ్ళి "నా పని ఫలానా అక్క చూసుకుంటుంది" అని చెప్పి, ఆయన ఆమెను పిలిచి అడిగితే ఆమె ముఖం తెల్లబోతే, అడిగిన సెలవు కన్నా ఆ మాటే ఎక్కువ నష్టం చేస్తుంది. మా విభాగంలో నాకన్నా ఆరేళ్ళు సీనియర్ అయిన ఒక అక్క ఉంది. భోజనాల వేళ ఆమెతో విషయం చెప్పి, "ఆ ఐదు రోజుల్లో మీరు చూడవలసింది ఇంతే అక్కా" అంటూ రాసుకున్న కాగితం చూపించాను. రోజూ వచ్చే బిల్లుల్లో శుక్రవారం చెల్లింపుకి అత్యవసరమైనవి మాత్రమే నమోదు చేయాలి, మిగతావి ట్రేలో ఉంచితే శనివారం వచ్చి నేను చేసుకుంటాను. బ్యాంకు ఖాతాను ఇరవై రెండో తేదీ వరకు సరిపోల్చి వెళ్తాను. ఆమె కాగితం చదివి, "ఇంతే అయితే నాకేం కష్టం లేదు. సంక్రాంతికి నేను ఊరికి పోవాల, అప్పుడు నువ్వు చూద్దువులే" అంది. నేను సరేనన్నాను, జనవరిలో ఆమె పని నేనే చూశాను.

మేనేజరుతో మాట్లాడడానికి నవంబరు 8వ తేదీని ఎంచుకున్నాను. అది రెండో శనివారం. బ్యాంకులకు సెలవు కాబట్టి చెల్లింపుల హడావిడి ఉండదు, ఏడో తేదీ గండం ముందు రోజే గడిచింది, 24కి ఇంకా పదహారు రోజులు ఉంది. మధ్యాహ్నం మూడు దాటాక ఆయన గది తలుపు దగ్గర నిలబడి పది నిమిషాలు ఇవ్వగలరా అని అడిగాను. ఏం మాట్లాడాలో ముందే అనుకుని వెళ్ళాను. మొదటి వాక్యంలోనే విషయం ఉండాలని, క్షమాపణలతో మొదలుపెట్టకూడదని నిర్ణయించుకున్నాను. "తప్పుగా అనుకోకండి సార్, కొత్తగా చేరి అడగకూడదు గానీ" అంటూ మొదలుపెడితే, ఎదుటివారికి లేని అనుమానాన్ని మనమే చేతికి ఇచ్చినట్టవుతుంది.

"సార్, మా అమ్మకు ఈ నెల 25న మోకాలి ఆపరేషన్. 24 సోమవారం నుంచి 28 శుక్రవారం దాకా నాకు సెలవు కావాలి. శనివారం డ్యూటీకి వచ్చేస్తాను" అన్నాను.

ఆయన వెంటనే ఏమీ అనలేదు. డెస్క్ మీది క్యాలెండరు తిప్పి చూశారు. "3బి అయిపోయాక కదా?" అన్నారు. అవునని, డాక్టరు 14 కూడా ఇచ్చారని, 2బి పని ఉందని దాన్ని వదులుకున్నానని చెప్పాను. ఆయన ముఖంలో మార్పు కనిపించింది ఈ మాటకే. తరువాత కాగితం ముందుంచి సీనియర్ అక్కతో మాట్లాడిన సంగతి, మిగిలే పనుల సంగతి చెప్పాను. ప్రొబేషన్ విషయం ఆయన ఎత్తకముందే నేనే ఎత్తాను. "జీతం కోత పడే రోజులకు ప్రొబేషన్ పెరుగుతుందని లెటర్‌లో ఉంది సార్, నాకు అది తెలుసు" అన్నాను.

"అది హెచ్‌ఆర్ వాళ్ళ లెక్కలేమ్మా. నాకు కావాల్సింది ముందుగా తెలియడం. సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఫోన్ చేసి రావడం లేదనేవాళ్ళతోనే నాకు తలనొప్పి" అని, "మెయిల్ పెట్టు" అన్నారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్ అయినా ఆ తేదీకి జరిగి తీరుతుందని లేదు. మత్తు ఇచ్చే డాక్టరు, గుండె డాక్టరు సరే అనాలి. షుగరు, బీపీ అదుపులో ఉండాలి. ఒంట్లో ఎక్కడా ఇన్ఫెక్షన్ ఉండకూడదు, ఎందుకంటే అది కొత్త కీలుకి చేరితే చాలా ప్రమాదం. అందువల్ల మేనేజరుకి తేదీ చెప్పినప్పుడే అది ఏ రోజున ఖాయమవుతుందో కూడా చెప్పాను: 15న పరీక్షలు ఇస్తారు, 18న అన్ని రిపోర్టులు వస్తాయి, ఆ సాయంత్రమే ఖరారైందో లేదో తెలియజేస్తాను. తేదీ మారే అవకాశాన్ని దాచిపెడితే మొదటి అనుమతి సులభంగా వస్తుంది గానీ, రెండోసారి అడిగేటప్పుడు మనిషి మీద నమ్మకం సగమవుతుంది.

మెయిల్ ఇంగ్లీషులోనే రాశాను, దాని సారం ఇంతే. నవంబరు 24 నుంచి 28 వరకు ఐదు పనిదినాల సెలవు కోరుతున్నాను. కారణం తల్లికి ముందుగా నిర్ణయించిన మోకాలి శస్త్రచికిత్స. తేదీ 18న ఖాయమవుతుంది, మారితే ఆ రోజే తెలియజేస్తాను. జీఎస్‌టీఆర్-3బికి సంబంధించిన నా పని 19 సాయంత్రానికి పూర్తవుతుంది. సెలవు రోజుల్లో అత్యవసర బిల్లులను ఫలానా వారు చూస్తారు, వారితో మాట్లాడాను. 29 ఉదయం విధుల్లో చేరతాను. డాక్టరు చీటీ జత చేశాను. అమ్మ పడుతున్న బాధ గురించి, నాకు ఈ ఉద్యోగం మీద ఉన్న శ్రద్ధ గురించి ఒక్క మాట కూడా రాయలేదు. శ్రద్ధ ఉందని రాసుకుంటే కనబడదు, 19 సాయంత్రం అన్న తేదీలో కనబడుతుంది.

ఆసుపత్రి నుంచి లాప్‌టాప్‌లో పని చేస్తానని రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించి, రాయకూడదనుకున్నాను. మోకాలి ఆపరేషన్ అయిన మరునాడే వాకర్ పట్టించి నడిపిస్తారు. మంచం దిగేటప్పుడు, బాత్రూముకి వెళ్ళేటప్పుడు పక్కన మనిషి ఉండి తీరాలి. అలాంటి చోట నుంచి పని చేస్తానని మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోవడం కన్నా, నెరవేర్చగల చిన్న మాట ఇవ్వడం మంచిది. రోజూ సాయంత్రం ఐదు గంటలకు ఫోన్ చేసి సందేహాలుంటే చెబుతానని మాత్రమే రాశాను.

హెచ్‌ఆర్ మేడమ్ దగ్గర అడిగినవి లెక్కలు. లెటర్‌లో లేని ఒక నియమం అక్కడే తెలిసింది: క్యాజువల్ లీవును ఒక విడతలో రెండు రోజులకు మించి వాడనివ్వరు. అంటే నా దగ్గర మూడు ఉన్నా ఈ ఐదు రోజుల్లో రెండే వాడుకోగలను, మిగతా మూడు రోజులకు కోత. నా మొత్తం జీతం నెలకు 27,000 రూపాయలు. కొన్ని కంపెనీలు దాన్ని 26 పనిదినాలతో భాగిస్తాయి, అలా అయితే రోజుకు 1,038 రూపాయలు పోతాయి. మా దగ్గర 30తో భాగిస్తారు, రోజుకు 900. మూడు రోజులకు 2,700 రూపాయలు. హాజరు లెక్క ప్రతి నెలా 25తో ముగుస్తుంది కాబట్టి 24, 25 తేదీలకు క్యాజువల్ లీవు పడి, కోత మూడు రోజులూ తరువాతి నెల జీతంలో పడతాయి. ఆసుపత్రి ఖర్చులున్న నెలలో ఎంత చేతికి వస్తుందో ముందే తెలియడం నాకు పెద్ద ఊరట. మిగిలిన ఒక క్యాజువల్ లీవును కుట్ల పిన్నులు తీసే రోజుకి ఉంచుకున్నాను. అది ఆపరేషన్ అయిన సుమారు రెండు వారాలకు వస్తుంది. మూడు రోజుల కోతకు ప్రొబేషన్ కూడా మూడు రోజులు పెరుగుతుందని మేడమ్ చెప్పారు. ఆ మాటను మెయిల్‌లో రాయమని అడిగితే, రాసి పంపారు.

ఈ మధ్యలో మా కంపెనీ బస్సులో వచ్చే ఒక తమ్ముడు నాకు ఇంకో దారి చెప్పాడు. "ఇంత తతంగం ఎందుకక్కా, ఆ రోజు పొద్దున జ్వరమని ఫోన్ చేసెయ్, రెండు రోజులకొకసారి తగ్గలేదని చెప్పు" అన్నాడు. ఈ సలహా ఇచ్చేవారు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. అబద్ధమన్న సంగతి అలా ఉంచినా, ఐదు రోజుల జ్వరానికి డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు, దానికి మరో అబద్ధం కావాలి. అంతకన్నా ముఖ్యం, జ్వరానికి ముందస్తు ఏర్పాటు ఉండదు కాబట్టి నా పని ఎవరి చేతిలోనూ ఉండదు, ఆ ఐదు రోజులూ విభాగమంతా నన్ను తలుచుకుంటుంది. పైగా జ్వరాన్ని వాయిదా వేయలేం. నా సెలవు నిజంగానే వాయిదా పడింది.

18న రిపోర్టులు వచ్చాయి. గుండె బాగానే ఉంది, షుగరు అదుపులో ఉంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది. మందులు వాడి, మళ్ళీ పరీక్ష చేయించి, అది శుభ్రంగా వస్తేనే ఆపరేషన్ అన్నారు. తరువాతి ఖాళీ డిసెంబరు 2, మంగళవారం. అది దాటితే 23వ తేదీనే. అంతదాకా ఆగితే మత్తు డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ పాతబడి కొన్ని పరీక్షలు మళ్ళీ చేయించాలి. డిసెంబరు 2 అంటే నెల ముగింపు లెక్కల మధ్యలో, ఏ తేదీని తప్పించాలని అంత లెక్క వేసుకున్నానో సరిగ్గా ఆ తేదీలలో.

ఆ సాయంత్రమే, ఇంటికి వెళ్ళేలోపు, మేనేజరును కలిశాను. ముందు అన్నకు ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడి వెళ్ళాను, ఎందుకంటే ఆయన ముందు సమస్యను మాత్రమే పెడితే ఆయన కాదనడమో బాధపడుతూ సరే అనడమో తప్ప వేరే దారి ఉండదు. మొదటి విడతలో ఐదు రోజులు అడిగాను. ముగింపు వారంలో అదే ఐదు రోజులు అడగడం న్యాయం కాదనిపించింది. సోమవారం చేర్పించడానికి అన్న వస్తాడు. ఆపరేషన్ రోజు, తరువాతి రెండు రోజులు, అంటే మంగళ, బుధ, గురువారాలు నేను ఉంటాను. ఆ రోజుల్లో అమ్మకు మంచం మీద ఆడమనిషి తోడు తప్పదు. శుక్రవారం నుంచి వదిన వస్తుంది. నేను 5వ తేదీ, శుక్రవారం ఉదయం డ్యూటీలో ఉంటాను.

"సార్, డేటు మారింది. ఇన్ఫెక్షన్ వచ్చింది, డిసెంబరు 2 ఇచ్చారు. క్లోజింగ్ అని తెలుసు, అందుకే 2, 3, 4 మూడు రోజులే అడుగుతున్నాను. ఏడో తేదీ ఆదివారం వచ్చింది కాబట్టి టీడీఎస్ ఆరునే కట్టేస్తాం కదా, 29 దాకా వచ్చిన బిల్లులకు టీడీఎస్ లెక్క కట్టి ఇచ్చి వెళ్తాను, మిగిలిన బిల్లులకు శుక్రవారం కూర్చుంటాను" అన్నాను.

ఆయన ఈసారి కొంచెం ఎక్కువసేపే ఆలోచించారు. అది సహజం. మూడో తేదీ సాయంత్రానికి ఆయన పైవాళ్ళకు కొనుగోళ్ళ మొత్తం పంపాలి, దానికి నా నమోదులు కావాలి. ఒకటో తేదీ రాత్రి ఆలస్యమైనా ఉండి నవంబరు బిల్లులన్నీ ఎక్కించగలవా అని అడిగారు. స్టోర్స్ వాళ్ళు సరుకు అందినట్టు రాసే రసీదులు ఒకటో తేదీ మధ్యాహ్నానికి నాకు చేరితే చేయగలను, చేరకపోతే చేయలేను అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అక్కడ "చేసేస్తాను సార్" అనడం తేలిక. ఆయన స్టోర్స్ ఇన్‌చార్జికి నా ముందే ఫోన్ చేసి, రసీదులు ఒకటిన మధ్యాహ్నం రెండు గంటలకల్లా పంపమని చెప్పారు. నా సెలవు ఆ ఫోన్‌తో కుదిరింది.

తేదీ మారినప్పుడు పోర్టల్ విషయంలో జాగ్రత్త అవసరం. పాత సెలవు అప్పటికే ఆమోదమై ఉంది. కొత్తదానికి దరఖాస్తు పెట్టినంత మాత్రాన పాతది పోదు, దాన్ని విడిగా రద్దు చేయాలి, ఆ రద్దును కూడా మేనేజరు ఆమోదించాలి. అలా చేయకపోతే 24, 25 తేదీల్లో మనం వేలిముద్ర వేసి పని చేసినా సిస్టమ్ క్యాజువల్ లీవులు తీసేసుకుంటుంది. నా రద్దు కోరిక రెండు రోజులు అలాగే పెండింగులో ఉండిపోయింది. 25న హాజరు లెక్క మూసేలోపు జరగాలని మేనేజరుకు 22న గుర్తు చేశాను, ఆయన వెంటనే నొక్కారు. 26న హాజరు పట్టిక తీసి చూసుకుంటే అన్ని రోజులూ హాజరుగానే ఉన్నాయి.

అప్పగింత కూడా చివరి సాయంత్రం దాకా వదల్లేదు. 29, శనివారం మధ్యాహ్నం సీనియర్ అక్క నా కుర్చీలో కూర్చుని రెండు బిల్లులు ఎక్కించింది, నేను పక్కన కూర్చున్నాను. చెబితే అర్థమైనట్టే ఉంటుంది. చేయించినప్పుడు బయటపడతాయి చిక్కులు. రవాణా ఖర్చుల బిల్లులను నేను ఏ ఖాతా కింద వేస్తున్నానో ఆమెకు తెలియదని, నేను కాగితంలో రాయలేదని అప్పుడే తేలింది. వెంటనే రాసి పెట్టాను. నా పాస్‌వర్డ్ ఇవ్వలేదు, ఆమె అడగలేదు. ఆమె లాగిన్‌కే ఆ మూడు రోజులకు నమోదు అనుమతి ఇమ్మని మేనేజరును అడిగితే ఇచ్చారు. రేపు ఏ తప్పు దొర్లినా ఎవరు ఎక్కించారో తెలియాలంటే అదొక్కటే పద్ధతి.

ఒకటో తేదీన రసీదులు రెండు గంటలకు కాదు, నాలుగున్నరకు వచ్చాయి. రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చుని పూర్తి చేశాను. కంపెనీ బస్సు వెళ్ళిపోవడంతో అక్క వాళ్ళాయన మా ఇద్దరినీ కారులో తిరుపతి దాకా తెచ్చి దింపాడు. మరునాడు అమ్మకు ఆపరేషన్ సవ్యంగా జరిగింది. బుధవారం వాకర్‌తో నాలుగడుగులు వేసింది. సాయంత్రం ఐదు గంటల ఫోన్ మూడు రోజులూ చేశాను. రెండు రోజులు ఏమీ లేదన్నారు, ఒక రోజు ఒక సరఫరాదారు పంపిన క్రెడిట్ నోట్ ఎక్కడ పెట్టానో అడిగారు.

శుక్రవారం ఉదయం వెళ్ళగానే మేనేజరు గదికి వెళ్ళి వచ్చానని చెప్పాను, అమ్మ ఎట్లుంది అని అడిగారు, ఆ తరువాత మిగిలిన టీడీఎస్ లెక్క గురించి మాట్లాడుకున్నాం. 16న పిన్నులు తీయించడానికి ఉదయం సగం పూట మాత్రమే సెలవు పెట్టాను; అది 2బి వారం కాబట్టి ఆసుపత్రిలో మొదటి టోకెన్ తీసుకుని, అమ్మను ఆటోలో ఇంటికి చేర్చి, భోజనాల వేళకు ఫ్యాక్టరీకి చేరాను.

చివరికి ఆ మూడు రోజుల లెక్క ఇలా తేలింది: రెండు క్యాజువల్ లీవులు, ఒక రోజు కోత, 900 రూపాయలు. ఫిబ్రవరిలో పర్మనెంట్ చేస్తూ ఇచ్చిన లెటర్‌లో తేదీ ఒక్క రోజు జరిగి ఉంది. దానికి ముందు జరిగిన సమీక్షలో మేనేజరు నింపిన ఫారంలో హాజరు అన్న గడి ఎదురుగా సంతృప్తికరం అని ఉంది, ముందస్తు సమాచారం అన్న గడి ఎదురుగా చాలా బాగుంది అని ఉంది. సమీక్షలో మేము ఎక్కువసేపు మాట్లాడుకున్నది నా సెలవు గురించి కాదు, సరఫరాదారుల బకాయిల పట్టికను నేను ఇంకా వేగంగా తయారుచేయడం గురించి.